నాలుగు గడుల్లో ఒకే ముఖం: ఎక్కడ విడగొట్టాలి, ఏ రంగు వేయాలి

ఒక ఫోటోని నాలుగు గడుల పాప్ ఆర్ట్‌గా మార్చాలని మొదలుపెట్టిన చాలామంది ముందు రంగుల గురించే ఆలోచిస్తారు. గులాబీ పక్కన పసుపు బాగుంటుందా, నీలం పక్కన నారింజ బాగుంటుందా అని గంటలు గడుపుతారు. తీరా చూస్తే బొమ్మ ఏదో యాప్ ఫిల్టర్ వేసినట్టు ఉంటుంది, మనిషి మాత్రం కనిపించరు. ఎక్కువసార్లు లోపం రంగుల్లో ఉండదు. ముఖాన్ని వెలుగు, నీడలుగా విడగొట్టిన చోట ఉంటుంది. ఆ పని సరిగ్గా జరిగితే రంగులు ఎంత విచిత్రంగా ఉన్నా ముఖం నిలబడుతుంది. అది తప్పితే ఏ రంగూ కాపాడలేదు.

ఈ శైలి అనగానే గుర్తొచ్చే పేరు అమెరికన్ చిత్రకారుడు ఆండీ వార్హోల్. 1962 ఆగస్టులో మార్లిన్ మన్రో చనిపోయాక, ఆమె పాత సినిమా ప్రచార ఫోటో ఒకటి తీసుకుని, బిగించిన గుడ్డ గుండా సిరా నొక్కి ముద్రించే సిల్క్‌స్క్రీన్ పద్ధతిలో మళ్లీ మళ్లీ ముద్రించడం మొదలుపెట్టాడు. 1967లో అదే ముఖంతో పది ముద్రల సెట్ చేశాడు, ఒక్కొక్కటి 36 అంగుళాల చదరం. వాటిలో నల్ల సిరా ఏం చేస్తోందో, రంగులు ఏం చేస్తున్నాయో విడివిడిగా చూడండి. నల్ల సిరా ఫోటో నుంచి వచ్చింది. ఫోటోలోని బూడిద ఛాయల్ని చాలావరకు తీసేసి, కళ్లు, ముక్కు, పెదాల అంచులు, జుట్టు మడతలు మాత్రం మిగిల్చిన పొర అది. రంగులు మాత్రం చదునైన ఆకారాలు. జుట్టుకొకటి, ముఖానికొకటి, కనురెప్పలకొకటి, వెనక భాగానికొకటి. మనిషిని గుర్తుపట్టించే పని నల్ల పొరది. రంగుకి ఆ బరువు లేదు కాబట్టే అది ఇష్టం వచ్చినట్టు మారగలిగింది.

కంప్యూటర్‌లో ఆ నల్ల పొరను తయారుచేసే పనే థ్రెషోల్డింగ్. ఫోటోని గ్రేస్కేల్ చేస్తే ప్రతి పిక్సెల్‌కీ 0 నుంచి 255 దాకా ఒక విలువ వస్తుంది. 0 అంటే పూర్తి నలుపు, 255 అంటే పూర్తి తెలుపు. మనం మధ్యలో ఒక అంకె ఎంచుకుంటాం. దానికంటే తక్కువ ఉన్నవన్నీ నలుపు, మిగతావన్నీ తెలుపు. గింప్‌లో `Colors > Threshold`, ఫోటోషాప్‌లో `Image > Adjustments > Threshold` చేసేది ఇదే. పని ఇంత సులువు. కష్టమంతా ఆ అంకె ఏదన్నదే.

ఒక ఫోటో తీసుకుని చూద్దాం. చామనఛాయ ముఖం, నల్లని జుట్టు, వెనక తెల్లగోడ, ఎడమవైపు కిటికీ నుంచి పడుతున్న వెలుగు. గ్రేస్కేల్‌లో ముఖం విలువలు ఎక్కువగా 50కీ 170కీ మధ్య ఉన్నాయి. గోడ 225 దగ్గర ఉంది. జుట్టు 40 కంటే తక్కువ. ఫోటోషాప్ మొదట ఇచ్చే అంకె 128. దాన్ని అలాగే వదిలేస్తే వెలుగు పడుతున్న ఎడమ చెంప, నుదుటి ముక్క, ముక్కు దూలం తెల్లగా మిగులుతాయి. కుడి కన్ను, కుడి చెంప, దవడ, మెడ అన్నీ జుట్టుతో కలిసిపోయి ఒకే నల్ల మచ్చ అవుతాయి. సగం ముఖం లేని బొమ్మ వస్తుంది.

అయితే అంకెని సాఫ్ట్‌వేర్‌కే వదిలేద్దాం అనుకుంటారు కొందరు. 1979లో నోబుయుకి ఓట్సు ప్రచురించిన పద్ధతి ఇందుకు బాగా వాడుకలో ఉంది. బొమ్మలోని విలువల్ని రెండు గుంపులుగా చేసి, ఆ గుంపులు ఒకదానికొకటి వీలైనంత దూరంగా ఉండే అంకెని అది వెతికి పెడుతుంది. స్కాన్ చేసిన కాగితం మీద అక్షరాల్ని విడదీయడానికి చక్కగా పనికొస్తుంది. మన ఫోటోలో మాత్రం దాన్ని మోసం చేసేది గోడ. బొమ్మలో పెద్ద భాగం గోడే కాబట్టి, ఆ పద్ధతి గోడ ఒక గుంపు, మనిషి ఒక గుంపు అని తేల్చేస్తుంది. అంకె ముఖం విలువలకి పైనెక్కడో పడుతుంది, ముఖమంతా నల్లగా మారిపోతుంది. లెక్క ప్రకారం అది సరైన జవాబే. మనం అడగాల్సిన ప్రశ్న వేరు. గోడనీ మనిషినీ విడదీయడం కాదు, ముఖంలోని వెలుగునీ నీడనీ విడదీయడం కావాలి.

అందుకే ముందు గోడని లెక్కలోంచి తీసేయాలి. ముఖం చుట్టూ సెలెక్షన్ గీసి, ఆ లోపల ఏ విలువలో ఎన్ని పిక్సెల్‌లున్నాయో చూపే హిస్టోగ్రామ్ మాత్రం చూడాలి. ముదురు చర్మం ఉన్నవాళ్ల ఫోటోల్లో ఇది మరీ ముఖ్యం. 128 అనే అంకెకి ఏ ముఖంతోనూ సంబంధం లేదు, 255లో సగం కావడమే దాని అర్హత. తెల్లని చర్మం మీద అది అనుకోకుండా కాస్త కుదురుతుంది. ముదురు చర్మం మీద ముఖాన్నే తుడిచేస్తుంది. చాలా పాఠాల్లో 128తోనే మొదలుపెట్టి అక్కడే ఆగిపోతారు. అది నాకు అన్యాయంగా అనిపిస్తుంది. ప్రతి ముఖానికీ దాని సొంత విలువల్లోంచే అంకె రావాలి.

మన ఫోటోలో అంకెని నెమ్మదిగా కిందికి దించుకుంటూ వస్తే 85 దగ్గర ముఖం విచ్చుకుంటుంది. అంకె కుదిరిందో లేదో తెలుసుకోవడానికి నేను నాలుగు చోట్ల చూస్తాను. రెండు కళ్ల పైరెప్పల గీతలు తెగకుండా ఉన్నాయా? ముక్కు కింద నీడ ఉందా? పెదాల మధ్య గీత ఉందా? దవడ మెడలో కలిసిపోకుండా గడ్డం కింద నీడ దాన్ని విడదీస్తోందా? ఈ నాలుగూ ఉంటే చెంప మీద వివరాలన్నీ పోయినా ఫర్వాలేదు. మిగతా ముఖాన్ని చూసేవాళ్ల కన్నే పూర్తిచేసుకుంటుంది. ఒక కన్ను బాగా వచ్చి రెండోది పోతుంటే మొత్తం అంకెని మార్చకండి. ఆ కన్ను ఉన్న చోటు మాత్రం డాడ్జ్ టూల్‌తో కాస్త వెలిగించి మళ్లీ థ్రెషోల్డ్ వేయండి.

ఎన్ని అంకెలు మార్చినా ముఖం రాకపోతే లోపం ఫోటోదే. ఎదురుగా ఫ్లాష్ వేసి తీసిన ఫోటోలో నీడలే ఉండవు. థ్రెషోల్డ్ వేస్తే రెండు కళ్లు, ముక్కు రంధ్రాలు, జుట్టు మిగులుతాయి, ముక్కు ఆకారం ఎక్కడా ఉండదు. వెలుగు ఒక పక్క నుంచి, కాస్త పై నుంచి పడిన ఫోటో ఎంచుకుంటే సగం పని అయిపోయినట్టే.

గ్రేస్కేల్ ఎలా చేశామన్నది కూడా లెక్కే. మామూలుగా సాఫ్ట్‌వేర్ ఎరుపు 29.9 శాతం, ఆకుపచ్చ 58.7 శాతం, నీలం 11.4 శాతం చొప్పున కలిపి ఒక బూడిద విలువ చేస్తుంది. దాని బదులు ఒక్క ఎరుపు ఛానెల్‌నే తీసుకుంటే చర్మం లేతగా, నునుపుగా వస్తుంది కానీ పెదాలు చర్మంలో కలిసిపోతాయి, ఎందుకంటే రెండిట్లోనూ ఎరుపు బాగానే ఉంటుంది. ఆకుపచ్చ ఛానెల్‌లో పెదాలు ముదురుగా, స్పష్టంగా ఉంటాయి. మూడు ఛానెళ్లనీ విడివిడిగా తెరిచి చూసి, పెదాలూ కళ్లూ దేనిలో బాగా తేలుతున్నాయో అది వాడుకోవడం మేలు. నీలం ఛానెల్‌లో చర్మం మీది మచ్చలూ గింజల్లాంటి నాయిసూ ఎక్కువ కాబట్టి దాని జోలికి నేను వెళ్లను.

ఆ గింజల గురించి ఇంకో మాట. మామూలుగా కంటికి ఆనని నాయిస్ థ్రెషోల్డ్ వేయగానే నల్ల చుక్కలుగా బయటపడుతుంది. అంకెకి కాస్త అటూ ఇటూగా ఉన్న పిక్సెల్‌లన్నీ రెండు పక్షాలకీ చెదిరిపోవడమే కారణం. థ్రెషోల్డ్‌కి ముందే కొంచెం గాసియన్ బ్లర్ వేస్తే చుక్కలు పోయి అంచులు కత్తిరించిన కాగితంలా శుభ్రంగా వస్తాయి. 2000 పిక్సెల్‌ల వెడల్పు బొమ్మకి 4 పిక్సెల్‌ల బ్లర్‌తో మొదలుపెట్టవచ్చు. కనురెప్పల గీతలు తెగుతున్నాయంటే బ్లర్ ఎక్కువైందని అర్థం.

ఒక్క అంకెతో రెండే భాగాలొస్తాయి. నల్లజుట్టున్న మనిషికి అది చాలదు, జుట్టూ కళ్లూ నీడలూ అన్నీ ఒకే సిరాలో పడి బొమ్మ బరువెక్కుతుంది. రెండు అంకెలు వాడితే మూడు భాగాలొస్తాయి. మన ఫోటోలో 85 లోపు ఉన్నది సిరా, 85 నుంచి 135 దాకా నీడ, ఆపైన వెలుగు. వెనక గోడని విలువలతో విడదీయకుండా మాస్క్ గీసి నాలుగో భాగం చేయాలి. లేకపోతే గోడా, వెలుగు పడిన చెంపా ఒకే భాగంలో పడి ముఖం అంచు మాయమవుతుంది. ఇంకా ఎక్కువ భాగాలు చేయాలనిపిస్తుంది గానీ, అయిదారు దాటితే మళ్లీ ఫోటోలా కనిపించడం మొదలవుతుంది. ఈ శైలికి కావలసిన మొండితనం పోతుంది.

ఇక రంగులు. ప్రతి రంగుకీ ఇంకో రంగుతో పొత్తు ఉండటమే కాక, దాని సొంత వెలుగు కూడా ఉంటుంది. పైన చెప్పిన శాతాలతోనే దాన్ని లెక్కకట్టవచ్చు. పూర్తి పసుపు వెలుగు 226, పూర్తి నీలానిది 29, పూర్తి ఎరుపుది 76, పూర్తి ఆకుపచ్చది 150. అంటే తెరమీద ఎంతో గట్టిగా అరుస్తున్నట్టు కనిపించే నీలం, బూడిదలోకి మారిస్తే దాదాపు నలుపు. ముఖం చదవడానికి కన్ను ఆధారపడేది ఎక్కువగా ఈ వెలుగు తేడా మీదే. కాబట్టి సిరాకి అన్నిటికంటే ముదురు, నీడకి మధ్యస్థం, వెలుగుకి అన్నిటికంటే లేత అనే వరుస ఉన్నంతవరకూ ముఖం పసుపైనా, లేత ఆకుపచ్చైనా, గులాబీ అయినా మనిషి మనిషిలానే ఉంటారు. ఆ వరుస తలకిందులైతే, అంటే చర్మానికి నీలం, కళ్లకి పసుపు వేస్తే, ఫోటో నెగటివ్ చూస్తున్నట్టు అవుతుంది, ఎవరో పోల్చుకోలేం. వార్హోల్ 1970ల చివరి నుంచి కావాలనే అలా తిరగేసిన బొమ్మల వరుస ఒకటి చేశాడు. అయితే అప్పటికి ఆ ముఖాలు లోకమంతటికీ కంఠతా వచ్చు. మన ఇంట్లోవాళ్ల ముఖానికి ఆ వెసులుబాటు ఉండదు.

వరుస ఒక్కటే చాలదు, మధ్య దూరమూ కావాలి. ఇక్కడే ఎక్కువమంది దెబ్బతింటారు. సిరాకి ముదురు ఆకుపచ్చ (0, 115, 60), నీడకి గట్టి ఎరుపు (230, 0, 40) వేశారనుకోండి. ఎరుపూ ఆకుపచ్చా అంటే ఇంతకంటే వైరుధ్యం ఏముంటుంది అనిపిస్తుంది. లెక్కకట్టి చూడండి: మొదటిది 74, రెండోది 73. బూడిదలో రెండూ ఒకటే. కుడి కన్ను నీడలోనే ఉంది కదా, ఆ కంటి గీత ఎర్రటి నీడలో కరిగిపోతుంది. అంచు మాత్రం కళ్లకి అదురుతున్నట్టు ఉంటుంది, చూస్తూ ఉంటే తలనొప్పి వస్తుంది. ఎరుపూ ఆకుపచ్చా తేడా సరిగా తెలియని కళ్లున్నవాళ్లకైతే అక్కడ కన్నే ఉండదు. పక్కపక్కన తగిలే రెండు భాగాల మధ్య కనీసం 40 తేడా ఉంచడం నా అలవాటు. లెక్కలు వద్దనుకుంటే పూర్తయిన బొమ్మ కాపీని గ్రేస్కేల్ చేసి చూడండి. అందులో ముఖం పోయిందంటే రంగుల్లోనూ పోయినట్టే.

మన ఫోటోకి మొదటి గడి ఇలా కట్టవచ్చు. సిరాకి ముదురు నీలం, వెలుగు 31. నీడకి గట్టి గులాబీ, 91. వెలుగుకి పసుపు, 206. వెనక ఆకాశనీలం లాంటి టర్కాయిస్, 140. ఈ నాలుగో అంకెని ఊరికే ఎంచలేదు. వెనక భాగం మిగతా మూడు భాగాల్నీ తాకుతుంది. జుట్టు దగ్గర సిరాని, కుడి చెంప దగ్గర నీడని, ఎడమ చెంప దగ్గర వెలుగుని. 140 అయితే 31కీ, 91కీ, 206కీ దూరంగా ఉంటుంది. నల్లజుట్టున్న ముఖానికి వెనక ముదురు ఊదా వేస్తే జుట్టు వెనక భాగంలో కలిసి తల సగానికి కోసినట్టు అవుతుంది. ఇది గడిలో అన్నిటికంటే కష్టమైన రంగు, అందుకే నేను ముందు దాన్నే తేల్చుకుంటాను.

మిగతా మూడు గడుల్లో భాగాలు అవే, రంగుల పనులు మారతాయి. నాలుగు గడులకీ పదహారు వేర్వేరు రంగులు వేయడం కంటే, కొన్ని రంగులు ఒక గడిలో ఒక పని, ఇంకో గడిలో ఇంకో పని చేస్తే నాలుగూ ఒకే కుటుంబంలా ఉంటాయి. మొదటి గడిలో నీడగా ఉన్న గులాబీ, మూడో గడిలో వెనక భాగం అవుతుంది. నాలుగో గడిలో నీడగా ఉన్న నారింజ, రెండో గడిలో వెనకకి వెళ్తుంది. అలాగే చల్లని రంగు వెనక ఉన్న రెండు గడుల్ని పక్కపక్కన పెట్టకుండా ఎదురు మూలల్లో పెడితే చూపు బొమ్మంతా తిరుగుతుంది. పక్కపక్కనే పెడితే రెండూ ఒకే అడ్డపట్టీలా కనిపిస్తాయి.

లేయర్లతో చేసేవాళ్లు ప్రతి భాగాన్నీ ఒక లేయర్ చేసి రంగు నింపుకోవచ్చు. కోడ్ రాసేవాళ్లకి పైథాన్‌లో ఇంత చాలు. ఫోటో చదరంగా కత్తిరించి ఉండాలి, మాస్క్‌లో వెనక భాగం తెల్లగా ఉండాలి.

```python
from PIL import Image, ImageFilter
import numpy as np

S = (2000, 2000)
g = Image.open("face.jpg").convert("L").resize(S)
g = g.filter(ImageFilter.GaussianBlur(4))
m = Image.open("mask.png").convert("L").resize(S)

zone = np.digitize(np.array(g), [85, 135])
zone[np.array(m) > 127] = 3

pal = np.array([
 [(20,20,120), (255,0,128),  (255,221,0),   (0,200,200)],
 [(120,0,40),  (0,140,170),  (190,255,200), (255,120,0)],
 [(0,60,50),   (170,95,230), (255,240,150), (255,0,128)],
 [(90,0,140),  (255,120,0),  (255,180,200), (0,160,80)],
], dtype=np.uint8)

a, b, c, d = [p[zone] for p in pal]
out = np.vstack([np.hstack([a, b]), np.hstack([c, d])])
Image.fromarray(out).resize(S, Image.BOX).save("popart.png")
```

ప్రతి వరుసా ఒక గడి. అందులో రంగులు సిరా, నీడ, వెలుగు, వెనక అనే క్రమంలో ఉన్నాయి. 85, 135 అనేవి ఈ ఫోటోకి కుదిరినవి, మీ ఫోటోకి అవి మారి తీరతాయి. ఆకుపచ్చ ఛానెల్ వాడాలనుకుంటే `convert("L")` బదులు `convert("RGB").split()[1]` రాయండి, అంకెలు మళ్లీ చూసుకోండి. చివర్లో 4000 పిక్సెల్‌ల బొమ్మని సగానికి తగ్గించడానికి కారణం ఉంది. థ్రెషోల్డ్ వేసిన అంచులో మధ్యరకం పిక్సెల్‌లుండవు, మెట్లు మెట్లుగా కనిపిస్తుంది. రెట్టింపు సైజులో చేసి తగ్గిస్తే ఆ మెట్లు సర్దుకుని అంచు నునుపవుతుంది.

ఇంత శుభ్రంగా వస్తే యంత్రం చేసినట్టుంది అనిపించేవాళ్లకి సిల్క్‌స్క్రీన్ అలవాటు ఒకటి పనికొస్తుంది. చేత్తో ముద్రించేటప్పుడు సిరా పొర, కింది రంగు పొరల మీద అచ్చంగా కూర్చోదు, కాస్త పక్కకి జరుగుతుంది. పెదాల రంగు పెదాల గీత దాటి బయటికి రావడం అలాంటిదే. దాన్ని అనుకరించాలంటే సిరా భాగాన్ని 8 లేదా 10 పిక్సెల్‌లు పక్కకి జరపాలి. అయితే పైన ఉన్న కోడ్‌లో సిరాని ఊరికే జరిపితే, అది ఖాళీ చేసిన చోట ఏ రంగూ లేక చిల్లు పడుతుంది. ముందు సిరా భాగాన్ని కూడా నీడ రంగుతో నింపి కింది పొర తయారుచేసుకుని, దానిమీద జరిపిన సిరాని వేయాలి. నాలుగు గడుల్లోనూ ఒకే వైపు, ఒకే అంత జరిపితే అది తప్పుగా కనిపిస్తుంది. ఒక్కో గడిలో ఒక్కో వైపు జరిపితేనే చేతి పని అనిపిస్తుంది. కళ్ల దగ్గర మాత్రం ఎక్కువ జరగనివ్వకండి, చూపు పక్కకి పోతుంది.

ఫైల్‌ని `PNG`గానే దాచుకోండి. `JPEG` సాధారణంగా రంగు వివరాన్ని వెలుగు వివరం కంటే తక్కువగా దాస్తుంది, అందుకే గులాబీ, నీలం కలిసే పదునైన అంచుల దగ్గర మురికి చారలు వస్తాయి. కాగితం మీద ముద్రిస్తే ఇంకో హద్దు ఎదురవుతుంది. తెరమీద వెలిగే గులాబీ, టర్కాయిస్, గట్టి ఆకుపచ్చలని మామూలు నాలుగు సిరాల ముద్రణ అంత గట్టిగా ఇవ్వలేదు, కాస్త చప్పబడతాయి. రంగు ఎంతో కొంత మారుతుందని ముందే ఒప్పుకుని, ఒక గడిని మాత్రం చిన్న సైజులో ముద్రించి చూసుకోవాలి. గులాబీ ముదిరి వెలుగు తగ్గితే నీడకీ సిరాకీ మధ్య దూరం కుంచించుకుపోతుంది. అప్పుడు గులాబీని మార్చేకంటే సిరాని ఇంకాస్త ముదురు చేయడం తేలిక, ఎందుకంటే దాని ముదురు ముద్రణలోనూ అలాగే నిలుస్తుంది.